320కి ముప్పావు ఎంత? పాట బిట్‌రేటు నుంచి మెగాబైట్ల దాకా

మల్కాజిగిరిలో ఉండే మా బాబాయి దగ్గర పాటల సీడీలు అరవై ఉన్నాయి. అన్నీ డబ్బు పెట్టి కొన్నవే, ఒక్కోటి గంట చొప్పున నడుస్తుంది. నిరుడు కొన్న కారులో మాత్రం సీడీ పెట్టే చోటు లేదు, పెన్‌డ్రైవు గుచ్చుకునే చోటు ఉంది. ఇంట్లో పడి ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవు ఒకటి వెతికి తీసి, పాటలన్నీ అందులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. అప్పగించే ముందే ఆయన ఒక కాగితం మీద లెక్క కట్టి పెట్టుకున్నారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన మనిషి, ఊరికే ఉండలేరు.

కాగితం మీద ఇలా ఉంది. పాట 320 కేబీపీఎస్. సెకనుకు 320 అయితే నిమిషానికి 19,200. అంటే 19.2 ఎంబీ. పెన్‌డ్రైవులో 8,000 ఎంబీ. భాగిస్తే 416 నిమిషాలు. కింద గీత గీసి, "ఏడు సీడీలు కూడా పట్టవు, పెద్దది కొనాలి" అని రాశారు.

గుణకారంలోనూ భాగహారంలోనూ తప్పు లేదు. అయినా జవాబు ఎనిమిది రెట్లు తప్పు. బిట్‌రేటును మెగాబైట్లలోకి మార్చబోయి చాలామంది మొదట జారేది ఈ మెట్టు మీదే.

కేబీపీఎస్‌లో ఉన్న "బీ" బిట్టు, ఎంబీలో ఉన్న "బీ" బైటు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అక్షరం కాబట్టి మనకు ఇంకాస్త ఇబ్బంది. తెర మీద చూస్తే తేడా తెలుస్తుంది: kbps లో చిన్న b, MB లో పెద్ద B. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పాట ఎంత వేగంగా ప్రవహిస్తుందో చెప్పేటప్పుడు బిట్లలో చెబుతారు, దాన్ని ఎక్కడైనా నిల్వ చేస్తే ఎంత చోటు పడుతుందో బైట్లలో చెబుతారు. ఇంటికి 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ పెట్టించుకున్నవారు ఫైలు దిగేటప్పుడు సెకనుకు 12 ఎంబీ దగ్గరే ఆగిపోయిందని కంగారుపడేది కూడా ఇందుకే. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, అంతే.

కాబట్టి బాబాయి లెక్కలో 19,200ను ఇంకోసారి ఎనిమిదితో భాగించాలి. 2,400 కిలోబైట్లు వస్తుంది, అంటే నిమిషానికి 2.4 ఎంబీ. 8,000ను 2.4తో భాగిస్తే 3,333 నిమిషాలు. ఏడు సీడీలు కూడా పట్టవనుకున్న పెన్‌డ్రైవులో యాభై ఐదు పడతాయి. అరవైకి ఇంకా కొంచెం తక్కువే, ఆ సంగతి తరవాత చూద్దాం.

ఈ లెక్కను ప్రతిసారీ అరవైతో గుణించి, ఎనిమిదితో భాగించి, వెయ్యితో భాగించి చేయనక్కర లేదు. అరవైని ఎనిమిదితో భాగిస్తే ఏడున్నర. దాన్ని వెయ్యితో భాగిస్తే వచ్చేది ఇదీ:

```
MB/min = kbps × 0.0075
```

0.0075 అని చూస్తే ఎవరికీ గుర్తుండదు. కానీ మన భాషలో దీనికి సొంత పేరు ఉంది: ముప్పావు. బిట్‌రేటులో ముప్పావు వంతు తీసి, దాన్ని వందతో భాగిస్తే చాలు. 320కి ముప్పావు 240, కాబట్టి 2.40 ఎంబీ. 128కి ముప్పావు 96, కాబట్టి 0.96 ఎంబీ. 256కి 192, కాబట్టి 1.92. పావు కిలో, ముప్పావు కిలో ధరలు నోటితో కట్టేవారికి ఇది అలవాటైన పనే. ఈ మాట చెప్పగానే బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సీడీ మీద ఉన్న పాటకూ ఇదే సూత్రం. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. మూడింటినీ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే 1,411.2 కేబీపీఎస్. ముప్పావు తీస్తే 1,058.4. నిమిషానికి 10.58 ఎంబీ. కుదించకుండా డబ్ల్యూఏవీ ఫైలుగా దాచుకుంటే పట్టే చోటు ఇదే, పాట ఏదైనా సరే. ఒకే గాయకుడు తంబూరా శ్రుతి మీద మెల్లగా పాడినా, వంద వాయిద్యాలు ఒక్కసారి మోగినా నిమిషానికి అదే 10.58.

ఇక్కడ బాబాయి ఒక పాత ఖాళీ సీడీ తెచ్చి చూపించారు. దాని మీద 80 నిమిషాలు అనీ, 700 ఎంబీ అనీ రెండూ రాసి ఉన్నాయి. "నీ లెక్క ప్రకారం ఎనభై నిమిషాలకు 847 ఎంబీ కావాలి కదా?" అన్నారు. పద్దుల మనిషి కన్ను అలాంటిది. రెండూ నిజమే. సీడీని చిన్న చిన్న గడులుగా విభజిస్తారు, సెకనుకు 75 గడులు. పాట రాస్తే ఒక్కో గడిలో 2,352 బైట్లూ శబ్దానికే వెళతాయి. ఫైళ్లు రాస్తే అదే గడిలో 2,048 బైట్లు మాత్రమే మనవి. మిగతావి గడి గుర్తింపుకూ, గీత పడితే పోయిన బిట్లను తిరిగి కట్టడానికి ఉంచే అదనపు సమాచారానికీ పోతాయి. పాటలో ఒక చుక్క పోతే చెవి క్షమిస్తుంది, ఫైలులో పోతే ఫైలు తెరుచుకోదు. అందుకే అదే బిళ్ల పాటకు 847, ఫైళ్లకు 737. బిళ్ల మీద రాసిన 700 కూడా దాదాపు ఆ 737యే, కాకపోతే ఇంకాస్త పెద్ద ఎంబీతో కొలిచింది. ఆ పెద్ద ఎంబీ సంగతి కిందే వస్తుంది.

తరవాత వచ్చిన చిక్కు దీనికన్నా పెద్దది, ఎందుకంటే అది తప్పులా కనిపించలేదు.

సూత్రం సరైనదో కాదో చూద్దామని, అంతకుముందే నా దగ్గర ఉన్న ఒక ఎంపీ3 పాటను తీశాను. 5 నిమిషాల 12 సెకన్ల పాట, 128 కేబీపీఎస్. 312 సెకన్లు, సెకనుకు 16,000 బైట్లు. గుణిస్తే 49,92,000 బైట్లు, అంటే 4.99 ఎంబీ. విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫైలు వివరాలు తెరిస్తే 4.98 ఎంబీ అని చూపించింది. ఒక్క పాయింటు తేడా. ఇద్దరం సంతోషించాం. అదే ఫైలును ఫోనులోకి పంపి చూస్తే 5.22 ఎంబీ. ఫైలు అదే, పాట అదే, మధ్యలో దాదాపు పావు ఎంబీ ఎక్కడినుంచి వచ్చింది?

ఇలాంటప్పుడు ఎంబీ అనే అంకెను వదిలిపెట్టి బైట్లు చూడాలి. విండోస్‌లో ఎంబీ పక్కనే కుండలీకరణాల్లో బైట్ల సంఖ్య పూర్తిగా ఉంటుంది. ప్రాంతం భారతదేశం అని పెట్టుకుంటే లక్షల కామాలతోనే చూపిస్తుంది కూడా:

```
Size: 4.98 MB (52,22,314 bytes)
```

బైట్లలో ఎవరూ మాట మార్చలేరు. నా లెక్క 49,92,000, ఉన్నది 52,22,314. అంటే 2,30,314 బైట్లు ఎక్కువ. పద్దు కలవలేదన్నమాట. మరి 4.98 అని ఎలా కలిసినట్టు కనిపించింది?

ఎందుకంటే రెండు తేడాలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

మొదటిది కొలత తేడా. బిట్‌రేటులో కిలో అంటే ఎప్పుడూ వెయ్యే. 128 కేబీపీఎస్ అంటే 1,28,000 బిట్లు, ఇందులో రెండో మాట లేదు. కానీ ఫైలు పరిమాణం దగ్గరికి వచ్చేసరికి విండోస్ ఎంబీని 1,024ను 1,024తో గుణించి కొలుస్తుంది, అంటే 10,48,576 బైట్లు. చాలా ఫోన్లు, 2009 తరవాతి మ్యాక్ కంప్యూటర్లు సరిగ్గా పది లక్షల బైట్లను ఎంబీ అంటాయి. పెద్ద గిన్నెతో కొలిస్తే గిన్నెల సంఖ్య తగ్గుతుంది. అందుకే 52,22,314 బైట్లు ఫోనులో 5.22, విండోస్‌లో 4.98. పెద్ద గిన్నెకు మెబీబైటు అనే వేరే పేరు 1998లోనే పెట్టారు. విండోస్ మాత్రం ఇప్పటికీ దాన్ని ఎంబీ అనే రాస్తుంది. ఈ గందరగోళానికి సగం కారణం ఆ ఒక్క మొండితనమే అని నా అభిప్రాయం.

విండోస్ చూపే అంకెతోనే పోల్చుకోవాలంటే సూత్రంలోని 0.0075 బదులు 0.00715 వాడాలి. 128కి అది 0.915 అవుతుంది, 320కి 2.29. ఈ ప్రకారం చేస్తే నా 5 నిమిషాల 12 సెకన్ల పాట విండోస్‌లో 4.76 అని కనిపించాలి. కనిపించింది 4.98. అసలు తేడా ఇప్పుడు బయటపడింది.

రెండో తేడా పాటలో లేదు, పాట పక్కన ఉంది. ఎంపీ3 ఫైలు మొదట్లో పాట పేరు, పాడినవారి పేరు, ఆల్బం అట్ట బొమ్మ ఉంచే ఒక సంచి ఉంటుంది. పేర్లు కొన్ని వందల బైట్లకు మించవు. బొమ్మ మాత్రం వందల కిలోబైట్లు తినగలదు. ఈ ఫైలులో సుమారు 2,30,000 బైట్లు దానివే. వింటున్నంతసేపూ ఒక్క బిట్టు కూడా చెవికి చేరదు, చోటు మాత్రం పడుతుంది. దానికి బిట్‌రేటుతో సంబంధం లేదు. పాట రెండు నిమిషాలైనా పది నిమిషాలైనా బొమ్మ బొమ్మే. కాబట్టి పొట్టి పాటల మీద దాని భారం ఎక్కువ కనిపిస్తుంది.

బొమ్మ వల్ల ఫైలు పెరిగింది, పెద్ద గిన్నె వల్ల అంకె తగ్గింది, రెండూ దాదాపు సమానం అయ్యాయి. బాబాయికి ఇది చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అంకణా కుదిరినంత మాత్రాన ఖాతాలు సరిగ్గా ఉన్నట్టు కాదురా. ఒక తప్పును ఇంకో తప్పు సరిపెట్టేయడం మా బ్యాంకులో నెలకోసారి చూసేవాళ్లం" అన్నారు.

ఫైలులో పాటకు సంబంధం లేని భారం ఉందో లేదో తెలుసుకోవడానికి లెక్కను తిరగేసి చూడవచ్చు. బైట్లను ఎనిమిదితో గుణించి సెకన్లతో భాగించాలి. 52,22,314 ఇంటూ 8, బై 312. సుమారు 1,33,900 వస్తుంది, అంటే 133.9 కేబీపీఎస్. పాటల సీడీల నుంచి చేసే ఎంపీ3లో స్థిరమైన బిట్‌రేటుకు కొన్ని మెట్లు మాత్రమే ఉన్నాయి. 128 తరవాతి మెట్టు 160, మధ్యలో ఇంకోటి లేదు. 133.9 అని వచ్చిందంటే ఆ పైన ఉన్న ఆరు శబ్దం కాదు, వేరే ఏదో అని అర్థం.

లేదా ఆ ఫైలు స్థిరమైన బిట్‌రేటుది కాదని అర్థం. ముప్పావు సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడని చోటు ఇది.

ఎంపీ3లో పాటను చిన్న ముక్కలుగా, ఫ్రేములుగా కోస్తారు. ఒక్కో ఫ్రేములో 1,152 కొలతలు ఉంటాయి, సీడీ వేగం మీద అది 26 మిల్లీసెకన్లు. 128 కేబీపీఎస్ దగ్గర ఒక్కో ఫ్రేము 417 లేదా 418 బైట్లు. సగటు 417.96 రావాలి, బైటును ముక్క చేయలేరు కాబట్టి అవసరమైన చోట ఒక బైటు కలుపుతూ పోతారు. అన్ని ఫ్రేములూ ఒకే బిట్‌రేటులో ఉంటే అది స్థిర బిట్‌రేటు. మారే బిట్‌రేటు పద్ధతిలో మాత్రం ప్రతి ఫ్రేమూ తనకు కావలసినంతే తీసుకుంటుంది. నిశ్శబ్దం ఉన్న చోట 32తో సరిపెట్టుకుంటుంది, డోళ్లు మోగే చోట 320 దాకా పోతుంది. అలాంటి ఫైలుకు ముందుగా ఎంత చోటు పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కుదించిన తరవాత వచ్చిన సగటు బిట్‌రేటు తెలిస్తే మాత్రం ముప్పావు సూత్రం మళ్లీ సరిగ్గా పనిచేస్తుంది. సగటు 190 అయితే నిమిషానికి 1.425 ఎంబీ.

ఈ ఫైళ్లను గుర్తుపట్టడానికి పాత ప్లేయర్లే ఒక దారి చూపిస్తాయి. మారే బిట్‌రేటు ఫైలు మొదట్లో మొత్తం ఎన్ని ఫ్రేములో చెప్పే ఒక పట్టిక ఉండాలి. అది లేకపోయినా, ప్లేయరుకు దాన్ని చదవడం రాకపోయినా, అది మొదటి ఫ్రేము బిట్‌రేటే పాట అంతటికీ అనుకుని మన సూత్రాన్నే తిరగేసి నిడివి కడుతుంది. 60 లక్షల బైట్ల ఫైలు అనుకుందాం, సగటు 190. అసలు నిడివి 4 నిమిషాల 12 సెకన్లు. పాట నెమ్మదిగా మొదలై మొదటి ఫ్రేము 64లో ఉంటే, ప్లేయరు 12 నిమిషాల 30 సెకన్లు అని చూపిస్తుంది. మూడో వంతు గీత దాటగానే పాట అయిపోతుంది. ఫైలు పాడయిందని చాలామంది దాన్ని పారేస్తారు. పాడయింది ఫైలు కాదు, ప్లేయరు కట్టిన లెక్క.

కుదించినా శబ్దం పోగొట్టని ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైళ్లదీ ఇదే దారి. సీడీ పాటకు 10.58 దాటి పెద్దగా పోదని మాత్రం ముందే చెప్పవచ్చు. ఎంత తగ్గుతుందన్నది ఆ పాటలోని సందడిని బట్టి ఉంటుంది.

ఇక పెన్‌డ్రైవు. దాన్ని కంప్యూటర్‌కు పెట్టగానే 7.45 జీబీ అని చూపించింది. అర జీబీ కొట్టేశారని బాబాయి అనుమానం. కొట్టేయలేదు. అట్ట మీద 8 జీబీ అంటే 800 కోట్ల బైట్లు, విండోస్ దాన్ని పెద్ద గిన్నెతో కొలిచింది. ఎంబీ దగ్గర ఈ తేడా నూటికి ఐదు లోపే, జీబీ దగ్గరికి వచ్చేసరికి నూటికి ఏడు దాటుతుంది. ఎందుకంటే 1,024తో ఇంకోసారి గుణించాం. రెండు గిన్నెలూ కలిపేస్తే జరిగే నష్టం ఇది: తెర మీద చూసిన 7.45ను 7,450 ఎంబీ అనుకుని 2.4తో భాగిస్తే 3,104 నిమిషాలు వస్తుంది. అసలు పట్టేది 3,333. దాదాపు నాలుగు సీడీల పాటలు లెక్కలోనే మాయం.

అరవై సీడీలు, గంట చొప్పున 3,600 నిమిషాలు. 320లో పెడితే 8,640 ఎంబీ, పట్టదు. 256కి ముప్పావు 192, నిమిషానికి 1.92, మొత్తం 6,912 ఎంబీ. దీనికి బొమ్మలు కలపాలి. సీడీకి పదిహేను పాటల చొప్పున 900 ఫైళ్లు, బొమ్మకు 0.23 ఎంబీ వేసుకుంటే 207. పెన్‌డ్రైవు చోటును గడులుగా ఇస్తుంది కాబట్టి ప్రతి ఫైలు చివర కొంత వృథా అవుతుంది. 32 కిలోబైట్ల గడులైతే ఫైలుకు సగటున సగం గడి, 900 ఫైళ్లకు పదిహేను ఎంబీ లోపు. అన్నీ కలిపి 7,133 దాకా వచ్చింది. ఇంకా 860 ఎంబీ ఖాళీ.

ఆ ఖాళీ చూసి బాబాయికి ఆశ పుట్టింది. నా దగ్గర 128లో ఉన్న పాటలను కూడా 320లోకి మార్చి అందులో పెట్టమన్నారు. మార్చవచ్చు, నిమిషానికి 0.96 తినేది 2.4 తింటుంది. కానీ 128లోకి కుదించినప్పుడే పారేసిన శబ్దం తిరిగి రాదు. పల్చటి మజ్జిగను పెద్ద చెంబులో పోసినంత మాత్రాన చిక్కబడదు. పైగా రెండోసారి కుదించినప్పుడు ఇంకాస్త పోతుంది. అందుకే వాటిని ఉన్నచోటే వదిలేశాం.

ఆయన సీడీల్లో సగం పాతకాలపు పాటలవి, కుడి ఎడమ తేడా లేని మోనో రికార్డింగులు. ఒకే వరుస కాబట్టి చోటు సగమే పడుతుందని ఆయన వాదన. బిట్‌రేటు అంటే మొత్తం ప్రవాహం, వరుసకు ఇంత అని కాదు. 128 మోనో, 128 స్టీరియో రెండూ నిమిషానికి 0.96 ఎంబీయే. మోనోలో ఆ 128 అంతా ఒకే వరుసకు దక్కుతుంది కాబట్టి అది ఇంకా మెరుగ్గా వినిపిస్తుంది, అంతే తేడా. చోటు తగ్గాలంటే బిట్‌రేటునే తగ్గించాలి. ఆ ముప్పై సీడీలను 128 మోనోలోకి మార్చాం. 1,800 నిమిషాలకు 3,456 బదులు 1,728 ఎంబీ పట్టింది. మిగిలిన చోటుతో కొత్త సీడీలను 320లోకి ఎత్తగలిగాం: ఇంకో 1,800 నిమిషాలు, 4,320 ఎంబీ. బొమ్మలూ గడుల వృథా కలిపినా 6,270.

విండోస్‌లో అది 5.84 జీబీ అని కనిపించింది. బాబాయి జేబులోంచి కాగితం తీసి, 5.84ను 1,024తో మూడుసార్లు గుణించడం మొదలుపెట్టారు.